ఇంటిపేరు, ఇనిషియల్స్, పూర్తి పేరు: కాగితాల్లో పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం మద్దిలపాలెంలో మాది ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే షాపు. పాస్‌పోర్టు, పాన్, పరీక్షల ఫారాలు రోజూ చేతుల మీదుగా వెళ్తుంటాయి. యూనివర్సిటీ దగ్గర కాబట్టి వచ్చేవాళ్లలో పై చదువులకు వెళ్లే పిల్లలే ఎక్కువ. ఫైలు తెరవగానే మొదట కనిపించే చిక్కు పేరు. టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పుస్తకంలో మూడోలా ఉంటుంది. పదే పదే అడిగే ప్రశ్నలకు నేను ఇచ్చే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇన్ని కాగితాల్లో ఏ పేరును అసలు పేరుగా పట్టుకోవాలి?

పదో తరగతి మెమోలో ఉన్నదాన్ని. కారణం చాలా సూటిగా ఉంటుంది. ఇంటర్ బోర్డు మీ పేరును టెన్త్ నుంచి తీసుకుంటుంది, డిగ్రీ కాలేజీ కూడా అక్కడి నుంచే తీసుకుంటుంది, యూనివర్సిటీ పట్టా మీద అదే పడుతుంది. అంటే టెన్త్ మెమో ఒక్కటి మార్చాలంటే దాని వెనకాల నాలుగైదు సర్టిఫికెట్లు మార్చాలి. ఆధార్, పాన్, బ్యాంకు అలా కాదు. వాటికి సవరణ ఫారం ఉంటుంది, కాగితం చూపిస్తే మారుస్తారు. మార్చడం కష్టమైనదాన్ని అలాగే ఉంచి, సులువుగా మారేవాటిని దానికి తగ్గట్టు సరిచేసుకోవాలి.

ఉద్యోగ నోటిఫికేషన్లు కూడా ఇదే దారిలో ఉంటాయి. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు ఈమధ్య దరఖాస్తుకు ముందే ఆధార్‌లోని పేరును, పుట్టిన తేదీని టెన్త్ సర్టిఫికెట్‌తో సరిపోయేలా మార్చుకోమని చెబుతున్నాయి. ఆధార్‌కు తగ్గట్టు టెన్త్ మెమోను మార్చుకోమని ఎవరూ అడగరు.

"ఆధార్‌లో పేరు బాగుంది, టెన్త్‌లో బాగాలేదు" అని కొందరు ఎదురు దారిలో వెళ్లబోతారు. దయచేసి వద్దు.

ఒక ఉదాహరణతో చెప్పగలరా? ఏది ముందు, ఏది తర్వాత?

పేరు మార్చి ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం, అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లాలి, పాస్‌పోర్టు ఇంకా లేదు. ఇంటిపేరు కర్రి, పెట్టిన పేరు వెంకట సత్య లావణ్య. ఆమె ఫైలులో పేర్లు ఇలా ఉన్నాయి:

```
టెన్త్ మెమో : KARRI VENKATA SATYA LAVANYA
ఆధార్      : K V S Lavanya
పాన్        : KARRI VENKATA SATYA LAVANYA
బ్యాంకు     : K LAVANYA
```

ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని రెండు గీతలు గీశాం. ఒక గీత మీద ఇంటిపేరు KARRI, రెండో గీత మీద పెట్టిన పేరు VENKATA SATYA LAVANYA. అక్షరాలు టెన్త్ మెమో చూసి ఒక్కొక్కటే దించాం. ఇకమీదట ఏ ఫారం వచ్చినా ఈ కాగితం చూసే నింపాలని అనుకున్నాం. ఈ పని ఐదు నిమిషాలదే, కానీ ఇది చేయకుండా ఫారాలు నింపడం మొదలుపెడితే నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాస్తాం.

మొదటి సవరణ ఆధార్. టెన్త్ మెమో ఒరిజినల్ పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లి K V S Lavanya ని Karri Venkata Satya Lavanya గా మార్చమని ఇచ్చింది. సవరణ పూర్తయిందని మెసేజ్ వచ్చాక కొత్త ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసి, పాత కార్డు తీసి పక్కన పెట్టించాను. ఆధార్ ముందు ఎందుకంటే, మిగిలిన చోట్లన్నీ ఇప్పుడు ఆధార్‌తోనే పోల్చి చూస్తాయి. అది సరికాకుండా వేరేవి ముట్టుకుంటే తిప్పి పంపుతాయి.

పాన్ కార్డును ముట్టుకోలేదు. ఎందుకో కింద విడిగా రాశాను. బ్యాంకులో మాత్రం కొత్త ఆధార్, పాన్ రెండూ ఇచ్చి కేవైసీ మార్పించుకుంది. విద్యా రుణం అదే బ్యాంకులో తీసుకోవాలి కాబట్టి ఇది ముందే తేలిపోవడం మేలైంది.

ఆ తర్వాత పాస్‌పోర్టు. సర్‌నేమ్ గడిలో KARRI, గివెన్ నేమ్ గడిలో VENKATA SATYA LAVANYA. మర్రిపాలెం సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ రోజున కొత్త ఆధార్, టెన్త్ మెమో తీసుకెళ్లింది. మొదటి కౌంటరులో ఫొటో, వేలిముద్రలు తీసుకుని, మన వివరాలు స్క్రీను మీద చూపించి సరిచూసుకోమంటారు. అక్కడ తలూపేసి రావద్దని చెప్పి పంపాను. రెండు గడులూ వేలితో చూపించి చదువుకుని మరీ వచ్చింది.

పాస్‌పోర్టు చేతికొచ్చాకే ఇంగ్లిషు పరీక్షకు, యూనివర్సిటీలకు దరఖాస్తు చేసింది. ఈ వరుస తప్పితే ఇబ్బంది. పరీక్ష రోజున చూపించే పాస్‌పోర్టులో ఎలా ఉందో పరీక్ష రిజిస్ట్రేషన్‌లోనూ పేరు అలాగే ఉండాలి. విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 అనే పత్రం కూడా పాస్‌పోర్టు ప్రకారమే రావాలి. చాలామంది స్లాట్లు అయిపోతాయన్న టెన్షన్‌లో పరీక్ష ముందు బుక్ చేసి, పేరు సంగతి తర్వాత చూసుకుందామనుకుంటారు.

ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. మన ఇంటిపేరు ముందు వస్తుంది కదా, ఫస్ట్ నేమ్‌లో రాయాలా?

రాయకూడదు. మా దగ్గరికొచ్చే తప్పుల్లో సగానికి పైగా ఇదే. మనం కర్రి లావణ్య అంటాం, ఇంటిపేరు ముందు. ఇంగ్లిషు ఫారం తయారు చేసినవాళ్ల అలవాటులో ఇంటిపేరు చివర. అందుకే వాళ్లు దాన్ని లాస్ట్ నేమ్ అన్నారు. ఆ మాటకు చివర పలికే పేరు అని అర్థం చెప్పుకుంటే మనం లావణ్యను అందులో పడేస్తాం. లాస్ట్ నేమ్, సర్‌నేమ్, ఫ్యామిలీ నేమ్ మూడూ ఒకటే: ఇంటిపేరు. ఫస్ట్ నేమ్, గివెన్ నేమ్ అంటే అమ్మానాన్నలు పెట్టిన పేరు, అందులో ఎన్ని మాటలున్నా సరే.

పాస్‌పోర్టులో ఈ విభజన ఎంత గట్టిగా పడుతుందో ఫొటో పేజీ అడుగున చూస్తే తెలుస్తుంది. అక్కడ యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. ఆ అమ్మాయి పాస్‌పోర్టులో మొదటి వరుస ఇలా ఉంటుంది:

```
P<INDKARRI<<VENKATA<SATYA<LAVANYA<<<<<<<<<<<
```

IND అంటే దేశం. దాని వెంటనే ఇంటిపేరు. ఆ తర్వాత రెండు బాణం గుర్తులు వచ్చాయి చూడండి, ఇంటిపేరు అక్కడితో అయిపోయిందని యంత్రానికి చెప్పేది అదే. ఒక్క బాణం గుర్తుంటే మాటల మధ్య ఖాళీ. మొత్తం 44 స్థానాలు, మిగిలినవి గుర్తులతో నిండిపోతాయి. విమానాశ్రయంలో యంత్రం చదివేది ఈ వరుసనే. లావణ్యను సర్‌నేమ్ గడిలో రాస్తే ఇక్కడ LAVANYA ముందుకొస్తుంది, అమెరికా వెళ్లాక ప్రొఫెసరు నుంచి బ్యాంకు దాకా అందరూ "మిస్ లావణ్య" అనే అంటారు, KARRI ఆమె పేరైపోతుంది. చట్టపరంగా అది నేరమేమీ కాదు. కానీ రేపు ఆమె అన్నయ్య పాస్‌పోర్టులో సర్‌నేమ్ KARRI అని ఉంటే ఇద్దరూ ఒక కుటుంబమని చూపించడానికి అదనంగా కాగితాలు పెట్టాల్సి వస్తుంది.

విమాన టికెట్టు మీద KARRI/VENKATA SATYA LAVANYA అని ఏటవాలు గీతతో వస్తుంది. గీతకు ముందున్నది ఇంటిపేరు. బుక్ చేశాక ఈమెయిల్‌లో ఈ ఒక్క వరుస చూసుకుంటే చాలు.

ఇంటిపేరు విప్పకుండా ఇనిషియల్స్‌తోనే ఉండిపోతే ఏమవుతుంది?

ఇక్కడ విశాఖలో ఉన్నంతకాలం పెద్దగా ఏమీ కాదు. మన ఊళ్లో కె.వి.ఎస్. లావణ్య అంటే అందరికీ అర్థమవుతుంది. ఇబ్బంది గడులున్న ఫారం దగ్గర మొదలవుతుంది. పాన్ దరఖాస్తులో ఫస్ట్ నేమ్‌లోగానీ లాస్ట్ నేమ్‌లోగానీ పొడి అక్షరాలు ఒప్పుకోరు, విప్పి రాయాలి. పాస్‌పోర్టుకూ పూర్తి పేరే రాయాలి.

కొందరి దగ్గర సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాత పాస్‌పోర్టులున్నాయి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అలాంటివాళ్లు అమెరికా వీసా ఫారం నింపేటప్పుడు పేరు మొత్తాన్ని సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడిలో FNU అని టైప్ చేయాలి. ఫస్ట్ నేమ్ తెలియదు అని దానర్థం. వీసా మీద అదే అచ్చవుతుంది. అక్కడ దిగాక డ్రైవింగ్ లైసెన్సు మీదా, కాలేజీ ఐడీ మీదా మీ పేరు FNU అని పడొచ్చు. అది సరిచేయించుకోవడానికి పడే తిరుగుడు అక్కడికి వెళ్లినవాళ్లను అడిగితే చెబుతారు. యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒకే మాట పేరు ఉన్నవాళ్లకు విజిట్, టూరిస్టు వీసాల మీద ప్రవేశం ఉండదని 2022 నవంబరులో ప్రకటించింది. సింహాచలం, అప్పలకొండ లాంటి ఒంటి పేర్లు మన ఉత్తరాంధ్రలో ఎన్నో. ఇంటిపేరు గడి నింపి ఉంటే ఈ గొడవ రాదు.

సర్‌నేమ్ ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీద ఇంకా వీసాలేవీ లేకపోతే, రీఇష్యూకు పెట్టి ఇప్పుడే విడగొట్టించుకోవడం మంచిది. 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1500 రూపాయలు, తత్కాల్ అయితే 3500.

టెన్త్ మెమోలోనే ఇనిషియల్స్ ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

మెమో మార్చక్కర్లేదు. K అనే అక్షరం KARRI కి పొడి రూపమే కాబట్టి విప్పి రాస్తే పేరు మారినట్టు కాదు. K అంటే కర్రి అని చూపించే కాగితం ఒకటుండాలి, అంతే. నాన్నగారి టెన్త్ మెమో, ఆయన పాస్‌పోర్టు, మీ టీసీ, పూర్తి పేరున్న జనన ధ్రువపత్రం, వీటిలో ఏదో ఒకటి సాధారణంగా దొరుకుతుంది. ఇంటిపేరు కనబడే కాగితం ఏదీ దొరకనప్పుడు మాత్రం నోటరీ అఫిడవిట్ అవసరమవుతుంది.

మెమోలో నిజంగా తప్పు పడితే, అంటే LAVANYA బదులు LAVNAYA అని అచ్చయితే, సంగతి వేరు. అప్పుడు చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి దగ్గరికే వెళ్లాలి. బడి అడ్మిషన్ రిజిస్టరులో పేరు సరిగ్గా ఉండి మెమోలో తప్పు పడితే, రిజిస్టరు నకలు జతచేసి ఆయన ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి పంపిస్తారు. రిజిస్టరులోనే తప్పుంటే దారి చాలా కష్టం. కాబట్టి ముందు రిజిస్టరు చూడమని అడగండి, ఆ తర్వాతే ఆశ పెట్టుకోండి.

మీ పిల్లలు ఇప్పుడు తొమ్మిదో, పదో తరగతిలో ఉంటే ఒక్క మాట. పరీక్షలకు ముందు బడిలో నామినల్ రోల్ అనే, పరీక్ష రాసే పిల్లల జాబితా తయారుచేసి పిల్లల చేత సంతకం పెట్టిస్తారు. మెమో మీద పడేది ఆ పేరే. పిల్లలు స్నేహితులతో మాట్లాడుతూ సంతకం పెట్టేస్తారు. ఆ రోజు మీరే బడికి వెళ్లి అక్షరం అక్షరం చూసుకోండి. విద్యార్థులకు ఇచ్చే గుర్తింపు నంబరు అపార్ ఐడీ కోసం బడి రికార్డులో పేరూ ఆధార్‌లో పేరూ ఎలాగూ కలవాలి, కాబట్టి ఇప్పుడే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఎక్కించండి.

ఆధార్‌లో పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చా?

లేదు. జీవితంలో రెండుసార్లే. అందుకే అంత హడావుడి వద్దంటాను. ఒకతను సర్టిఫికెట్ చూసుకోకుండా ఇనిషియల్స్ విప్పించుకున్నాడు, అందులో SATYA బదులు SATHYA పడింది. దాన్ని దిద్దించుకునేసరికి రెండు అవకాశాలూ అయిపోయాయి. ఇక మళ్లీ మార్పు కావాలంటే ప్రత్యేక కారణం చూపించి ఆధార్ ప్రాంతీయ కార్యాలయం దాకా వెళ్లాలి.

కేంద్రంలో ఆపరేటరు టైప్ చేసేటప్పుడు రెండు చోట్ల చూడండి. ఇంగ్లిషు పేరు అందరూ చూస్తారు. దాని పక్కనే తెలుగులో పేరు తనంతట తానే తయారవుతుంది. ఆ తెలుగు చాలాసార్లు వంకరగా వస్తుంది. కర్రి కాస్తా కారి అవుతుంది, సత్య కాస్తా సత్యా అవుతుంది. ఆపరేటరు దాన్ని దిద్దగలడు, అడగాలి. చివర్లో ఇచ్చే రసీదు మీద రెండు పేర్లూ ఉంటాయి. సంతకం పెట్టే ముందు ఆ రసీదు చదవండి, తప్పుంటే అక్కడికక్కడే చెప్పండి. బయటికొచ్చాక చెబితే అది ఇంకో సవరణ కిందకు వస్తుంది.

ఆధార్‌లో ఇంటిపేరుకు వేరే గడి లేదు, పేరంతా ఒకే వరుస. టెన్త్ మెమోలో ఏ క్రమంలో ఉందో అదే క్రమంలో రాయించండి.

నా పాన్ కార్డు మీద పేరు సరిగ్గానే ఉంది కదా, మరి మీరు తప్పు అంటున్నారేమిటి?

కార్డు మీద అచ్చయిన పేరు ఒకటి, లోపల గడుల్లో ఉన్నది ఇంకొకటి. దీన్ని పట్టుకునే కిటుకు పాన్ నంబరులోనే ఉంది. పది స్థానాల్లో నాలుగో అక్షరం P అయితే అది వ్యక్తి పాన్. ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. లావణ్య పాన్‌లో ఐదో అక్షరం L. అంటే దరఖాస్తు నింపినవాళ్లు KARRI ని ఫస్ట్ నేమ్ గడిలో, LAVANYA ని లాస్ట్ నేమ్ గడిలో పెట్టారన్నమాట. కార్డు మీద ఫస్ట్, మిడిల్, లాస్ట్ వరుసగా అచ్చవుతాయి కాబట్టి చూడటానికి అచ్చం టెన్త్ మెమోలా కనిపిస్తుంది.

మరి సరిచేయించాలా? నా అభిప్రాయం, అవసరం లేదు. గడులు సరిచేస్తే కార్డు మీద VENKATA SATYA LAVANYA KARRI అని వస్తుంది, అప్పుడు ఆధార్‌కూ పాన్‌కూ మాటల క్రమం మారిపోతుంది. ఇప్పుడు రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిసి, ఆధార్‌తో లింకు అయి ఉంటే కదపకండి. పాస్‌పోర్టుకు పాన్ తప్పనిసరి కూడా కాదు. పేరు సవరించినా పాన్ నంబరు మాత్రం మారదు, ఐదో అక్షరం L గానే ఉండిపోతుంది. దానివల్ల ఏ నష్టమూ లేదు.

పాన్‌లో పేరు నిజంగానే వేరుగా ఉంటే, ఉదాహరణకు LAVANYA KUMARI అని ఉంటే, ఆధార్ లింకు దగ్గరే ఆగిపోతుంది. అది మార్పించుకోవాల్సిందే, ఆధార్ సరయ్యాకే.

SATYA, SATHYA రెండూ ఒకటే కదా? చుక్కలు, ఖాళీలు కూడా చూస్తారా?

మనకు ఒకటే, కంప్యూటరుకు రెండు. తెలుగు త ను కొందరు t అని, కొందరు th అని రాస్తారు. LAKSHMI, LAXMI అలాంటిదే. VENKATA, VENKAT మరీ ఎక్కువగా కనిపిస్తుంది. మనుషులు చూసే చోట ఈ తేడాలు దాటిపోతాయి, యంత్రం పోల్చే చోట ఆగుతాయి. టెన్త్‌లో ఏది ఉంటే అదే రాయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

చుక్కల గురించి బెంగ పడకండి. పాస్‌పోర్టు యంత్ర వరుసలో చుక్కకు చోటే లేదు. ఖాళీల విషయంలో మాత్రం జాగ్రత్త. టెన్త్‌లో VENKATASATYA అని కలిపి ఉంటే అన్నిచోట్లా కలిపే రాయండి, అందానికి విడగొట్టకండి.

సంఖ్యాశాస్త్రం చూసి పేరులో అక్షరం కలుపుకున్నవాళ్లు కూడా వస్తుంటారు. LAVANYAA అని సంతకం పెట్టుకోండి, పెళ్లి పత్రికలో వేసుకోండి, అది మీ నమ్మకం. కానీ ఆ అక్షరాన్ని ఆధార్‌లోకి తేవద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతాను.

నాన్నగారి పేరు తేడాగా ఉంది. అది కూడా సరిచేయాలా?

చాలామంది సొంత పేరు చూసుకుని దీన్ని వదిలేస్తారు. ఇది నా ఇంట్లోనే జరిగింది. మా నాన్నగారి పేరు నా టెన్త్ మెమోలో APPALA NAIDU, ఆయన ఆధార్‌లో అప్పలనాయుడు అని కలిపి, ఆయన పాలసీ బాండు మీద ఉత్త A. NAIDU. ఆయన పోయాక క్లెయిముకు వెళ్తే ముగ్గురూ ఒకరే అని చూపించమన్నారు. అఫిడవిట్ రాయించి, ఇద్దరు సాక్షులను తీసుకెళ్లి, మూడు నెలలు తిరిగాను. అమ్మకు ఆ డబ్బు అప్పుడే కావలసి ఉండింది. ఆయన ఉండగా ఒక్క రోజు కూర్చుని ఉంటే ఆయన చేతే సరిచేయించేవాణ్ని.

కాబట్టి ముందు నాన్నగారి ఆధార్, ఆయన పాన్, పాలసీలు అన్నిట్లో పేరు ఒకేలా ఉండేట్టు చేయించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో తండ్రి పేరు కూడా గివెన్ నేమ్, సర్‌నేమ్ రెండు గడుల్లో అడుగుతారు. ఇంటిపేరు KARRI అయితే ఆయనకూ సర్‌నేమ్ KARRI, గివెన్ నేమ్ APPALA NAIDU. నాయుడు అనేది ఇక్కడ ఇంటిపేరు కాదు, దాన్ని సర్‌నేమ్ గడిలో పెడితే తండ్రికీ బిడ్డకీ వేర్వేరు సర్‌నేమ్ పడుతుంది. రావు, రెడ్డి, రాజు విషయంలోనూ ఇదే తప్పు జరుగుతుంటుంది.

అఫిడవిట్ చాలా, గెజిట్ వేయించాలా?

రెండూ వేర్వేరు పనులకు. "ఈ రెండు పేర్లూ నావే, ఇద్దరూ ఒకరే" అని చెప్పేది అఫిడవిట్. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తారు, ఒకే రోజులో అయిపోతుంది. పొడి అక్షరాలు, చిన్న స్పెల్లింగు తేడాలు, మాటల క్రమం లాంటివాటికి ఇది సరిపోతుంది. విదేశీ యూనివర్సిటీకి పట్టాలు పంపేటప్పుడు మెమోకూ పాస్‌పోర్టుకూ ఉన్న తేడాను చెప్పడానికీ ఇదే జతచేస్తారు. అందులో తేడా ఉన్న ప్రతి రూపాన్నీ, ఏ పత్రంలో ఏ నంబరుతో ఉందో రాయించండి. "వేర్వేరు రూపాల్లో ఉన్న పేర్లన్నీ నావే" అని గాలికి రాస్తే దాన్ని పక్కన పడేస్తారు.

గెజిట్ అంటే పేరు మార్చుకున్నానని ప్రకటించడం. లావణ్య ఇకనుంచి మేఘన అవ్వాలనుకుంటే అఫిడవిట్, పత్రికా ప్రకటనలు, ఆపైన గెజిట్. ఇనిషియల్స్ విప్పడానికి గెజిట్ అక్కర్లేదు. ఎవరైనా దానికోసం వేలకు వేలు అడిగితే ఇవ్వకండి. గెజిట్ వేయించినా పాత టెన్త్ మెమో అలాగే ఉంటుంది, రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించుకోవాలి.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా?

తప్పనిసరి కాదు. చదువు, ఉద్యోగం అన్నీ పుట్టింటి ఇంటిపేరు మీద ఉంటే అలాగే కొనసాగించవచ్చు. భర్త పేరును పాస్‌పోర్టులో భర్త పేరు గడిలో చేర్పించుకుంటే సరిపోతుంది. మార్చుకోదలిస్తే వివాహ ధ్రువపత్రం తీసుకుని ఆధార్ నుంచి మొదలుపెట్టి అన్నీ మార్చండి. ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి పెట్టుకుని సగంలో ఆపవద్దు.

సంతకం కూడా కొత్త పేరుతోనే చేయాలా?

అక్కర్లేదు. సంతకం పేరు కాదు, మీ గుర్తు. K.V.S. Lavanya అని పెడుతూ వస్తుంటే అలాగే పెట్టండి. అన్నిచోట్లా ఒకేలా ఉంటే చాలు.

పీఎఫ్‌లో పేరు తప్పుంది. కంపెనీ మానేశాను.

పీఎఫ్‌లో పేరును ఆధార్‌తోనే పోలుస్తారు, కలవకపోతే డబ్బు తీసుకోవడం ఆగుతుంది. సరిచేయడానికి ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా చేయించుకోవడమే సులువు. మానేసినవాళ్లు ముందు పాత కంపెనీ హెచ్ఆర్‌ను అడగండి.

వీసా వచ్చేసింది, టికెట్టు కూడా కొన్నాం. ఇప్పుడు పేరు తేడా కనిపించింది!

ముందు తేడా ఎక్కడుందో చూడండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు మూడింట్లో ఒకేలా ఉండి, ఆధార్‌లోనో మెమోలోనో తేడా ఉంటే ప్రయాణం మానుకోకండి. అఫిడవిట్ ఒకటి చేయించి ఫైలులో పెట్టుకుని వెళ్లండి. టికెట్టులో ఇంటిపేరు, పేరు తారుమారైతే బుక్ చేసినవాళ్లకు వెంటనే ఫోన్ చేయండి. చిన్న సవరణలు చేసే ఎయిర్‌లైన్లున్నాయి, కానీ బయల్దేరే రోజు కౌంటరు దగ్గర అడిగితే సమయం చాలదు. పాస్‌పోర్టుకూ వీసాకూ మధ్యే తేడా ఉంటే మాత్రం వీసా ఇచ్చిన కార్యాలయానికి రాసి, జవాబు వచ్చేదాకా ఆగండి. వీసా చెల్లుబాటులో ఉండగా పాస్‌పోర్టులో పేరు మార్చడానికి దరఖాస్తు పెట్టకండి. కొత్త పాస్‌పోర్టులో ఒక పేరు, పాత పుస్తకంలోని వీసాలో ఇంకో పేరు అయి కూర్చుంటుంది.